ఎల్లుండే ప్రజెంటేషన్, నలుగురిలో ఒకడు రావట్లేదు: వాడి భాగం ఎవరికివ్వాలి?

(నల్లగొండలో డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులతో, గ్రూప్ సెమినార్లకు ముందు మాట్లాడిన ప్రసంగ పాఠం)

కూర్చోండి కూర్చోండి. వెనక ఫ్యాన్ కింద ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి, మైక్ సంగతి మీకు తెలుసు కదా, ఎప్పుడు పలుకుతుందో ఎప్పుడు పలకదో దానికే తెలియదు.

ప్రజెంటేషన్ ఎలా ఇవ్వాలి, చేతులెక్కడ పెట్టుకోవాలి, కళ్లెక్కడ పెట్టాలి, అవన్నీ ఇంతకుముందు మీకు చాలామంది చెప్పేశారు, నేను చెప్పను. ఒక్క సందర్భం గురించే మాట్లాడతా. శుక్రవారం పదకొండింటికి మీ గ్రూప్ ఎక్కాలి. బుధవారం సాయంత్రం ఫోన్ వస్తుంది. "అరే, వాడికి టైఫాయిడ్ అంట, హాస్పిటల్‌ల ఉన్నడంట, ఇగ రాడు." అప్పుడు ఏం చేయాలి? నలుగురి పని ముగ్గురికి ఎలా పంచాలి?

సాధారణంగా రెండు పనులు చేస్తారు. ఒకటి, గ్రూప్‌లో బాగా మాట్లాడే అమ్మాయో అబ్బాయో ఉంటారు కదా, మొత్తం తీసి వాళ్ల నెత్తిన పెట్టేస్తారు. "నువ్వు మేనేజ్ చేస్తవ్ లే" అని ఒక మాట. రెండోది, న్యాయంగా ఉండాలని ఆ భాగంలో ఉన్న స్లైడ్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తారు. ఆరు స్లైడ్లుంటే తలా రెండు. రెండూ తప్పే. రెండోది ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే పైకి చాలా సబబుగా కనిపిస్తుంది.

ఎందుకు తప్పో ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. నేను కల్పించిన గ్రూపే, కానీ విషయం మనదే. మన జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్. మొత్తం 16 నిమిషాలు, నలుగురు, తలా 4 నిమిషాలు, ఆ తర్వాత 5 నిమిషాలు ప్రశ్నలు. మొదటి అమ్మాయి సమస్య చెబుతుంది: మర్రిగూడ లాంటి చోట్ల పళ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలనీ వేరే దారి లేకపోతే 1.5 వరకు సర్దుకోవచ్చనీ మన భారతీయ ప్రమాణం చెప్పే సంగతి. రెండో అబ్బాయి కారణం చెబుతాడు: గ్రానైట్ రాళ్లు, వాటిలోని ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు, వాటి మధ్య ఎన్నో ఏళ్లు నిలిచిన నీటిని లోతైన బోర్లతో తోడి తాగడం. మూడో అబ్బాయి నల్లగొండ టెక్నిక్ చెబుతాడు. మన ఊరి పేరే పెట్టుకున్న పద్ధతి, నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో తయారుచేసింది, నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను కిందికి దించడం. నాలుగో అమ్మాయి బోరు నీళ్లు మానేసి కృష్ణా నీళ్లు పైపుల్లో రావడం, మిషన్ భగీరథ, అక్కడితో ముగింపు.

టైఫాయిడ్ వచ్చింది మూడో అబ్బాయికి. మధ్యలోవాడు. అన్నిటికంటే కష్టమైన కేసు ఇదే. మొదటివాళ్లు తప్పుకుంటే అంత ఇబ్బంది లేదు, ఎందుకంటే పరిచయం గ్రూప్‌లో అందరికీ వస్తుంది, నెల రోజులుగా దాని గురించే కొట్టుకున్నారు కాబట్టి. చివరివాళ్లు తప్పుకున్నా అంతే, ముగింపు ఎవరైనా చెప్పగలరు. మధ్యలో ఉండేదే ఒక్కరికి మాత్రమే తెలిసిన సరుకు.

ఇప్పుడు ఆ 4 నిమిషాల్లో అసలేముందో విప్పి చూడాలి. పంచడం తర్వాత. ముందు ముగ్గురూ కూర్చుని వాడి స్లైడ్లు తెరిచి, ఒక్కో స్లైడ్ ఏం పని చేస్తోందో కాగితం మీద రాయండి. "మూడో స్లైడ్: పట్టిక" అని రాస్తే లాభం లేదు, ఆ పట్టిక ఎందుకుందో రాయాలి. మన ఉదాహరణలో నాలుగు ముక్కలు వస్తాయి. ఈ పద్ధతి ఎవరు చేశారు, ఎప్పుడు, అది అర నిమిషం. ఎలా చేస్తారు, అంటే కలపడం, ముందు వేగంగా తిప్పడం, తర్వాత మెల్లగా తిప్పడం, బకెట్‌లో అయితే దాదాపు గంట పేరుకోనిచ్చి పైనున్న తేట నీళ్లు తీసుకోవడం, ఇది నిమిషంన్నర. పటిక ఎంత వేయాలో చెప్పే పట్టిక, ఒక నిమిషం. ఇబ్బందులు, అంటే కింద మిగిలే బురదను ఎక్కడ పారేయాలి, నీళ్లలో అల్యూమినియం మిగిలిపోవడం, రోజూ ఎవరో ఒకరు ఓపిగ్గా కొలిచి కలపాల్సి రావడం, ఇదొక నిమిషం.

పొట్టేలును కోసే ఆయన్ని చూశారా, కత్తి ఎక్కడపడితే అక్కడ పెట్టడు, కీలు వెతుక్కుని అక్కడ పెడతాడు. ఇక్కడ కూడా కోయాల్సింది కీలు దగ్గరే. స్లైడ్లను మూడుతో భాగిస్తే ఏమవుతుందో చూడండి. కలపడం ఒకరు చెబుతారు, తిప్పడం ఇంకొకరు, పేరుకోవడం మరొకరు. వినేవాళ్లకు మనుషులు మారడం కనబడుతుంది తప్ప విషయం వినబడదు.

అయితే ఏ ముక్క ఎవరికి? పక్కవాళ్లకు. ఎవరు బాగా మాట్లాడతారు అన్నది తర్వాతి ప్రశ్న, ముందు ఎవరి మాట ఈ ముక్కకు ఆనుకుని ఉందో చూడాలి. పద్ధతి ఎవరు చేశారన్నది మొదటి అమ్మాయికి వెళ్తుంది. ఆమె ఎలాగూ ఈ సమస్య ఎంత పాతదో చెబుతోంది, అందులో ఒక్క వాక్యం కలుస్తుంది: దీన్ని వదిలించుకోడానికి పుట్టిన పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు అని. ఎలా చేస్తారన్నది రెండో అబ్బాయికి. వాడు అప్పటికే నీళ్లలో కాల్షియం తక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ఎలా పెరుగుతుందో చెబుతున్నాడు, కెమిస్ట్రీ వాడి నోట్లో ఉంది, పటిక కథ వాడికి కొత్త భాష కాదు. ఇబ్బందులు నాలుగో అమ్మాయికి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ఆమె మొదటి మాట ఇంతకుముందు ఏముండేది? "ఇప్పుడు ప్రభుత్వ పథకాల గురించి చూద్దాం." ఎందుకు చూడాలో ఎవరికీ తెలియదు. ఇప్పుడైతే, "ఈ పద్ధతిలో బురద మిగులుతుంది, రోజూ కలపాలి, ఊళ్లో ఆ పని చేసే మనిషి మానేస్తే ప్లాంట్ ఆగిపోతుంది, అందుకే బోరు నీళ్లను బాగుచేయడం కంటే నీళ్లనే మార్చాలన్న ఆలోచన వచ్చింది" అని మొదలవుతుంది. నిజం చెప్పాలంటే నలుగురున్నప్పటి కంటే ఇదే బాగుంది.

మిగిలింది పటిక పట్టిక. దాన్ని ఎవరికీ ఇవ్వొద్దు. తీసేయండి. అంటే పారేయమని కాదు, ధన్యవాదాల స్లైడ్ తర్వాత పెట్టుకోండి, ఎవరైనా అడిగితే చూపించడానికి. అది ఎందుకు పోవాలంటే, ఆ పట్టికలో పటిక మోతాదు ఫ్లోరైడ్‌ను బట్టే కాదు, నీటి క్షారతను, అంటే ఆమ్లాన్ని విరిచే గుణాన్ని బట్టి కూడా మారుతుంది. అది అర్థం చేసుకున్నవాడే దాని ముందు నిలబడగలడు. రెండు రోజుల్లో నేర్చుకున్నవాడు అంకెలు చదువుతాడు అంతే. ఒక ముక్క ఉంచాలా తీయాలా అని సందేహం వస్తే, స్లైడ్ మూసేసి, దాన్ని తీసుకున్నవాళ్లను పక్కగదిలోని స్నేహితుడికి మామూలు తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే ఉంచండి. తల మాటిమాటికీ తెర వైపు తిరుగుతోందంటే ఇంకా ఎక్కలేదన్నట్టు.

ఇప్పుడు టైమ్ లెక్క. బోర్డు మీద రాస్తున్నా. మూడోవాడి 4 నిమిషాల్లో పట్టిక నిమిషం పోతే 3 మిగిలాయి. మొదటి అమ్మాయి 4 కి అర నిమిషం కలిపితే నాలుగున్నర. రెండో అబ్బాయికి నిమిషంన్నర సరుకు వచ్చింది, కానీ కొత్త నోట్లో అది 2 నిమిషాలు పడుతుంది, పట్టనివ్వండి. అయితే వాడి పాత 4 నిమిషాల్లో అర నిమిషం కోత పెట్టాలి, ఖనిజాల పేర్ల జాబితా ఒకటుంటుంది చూడండి, అందులో రెండు చాలు. మూడున్నరకు రెండు కలిపితే ఐదున్నర. నాలుగో అమ్మాయి కూడా తన దాంట్లో అర నిమిషం తగ్గించుకుని, నిమిషం ఇబ్బందులు కలుపుకుంటే నాలుగున్నర. మొత్తం పద్నాలుగున్నర. 16 లో ఇంకా నిమిషంన్నర ఉంది కదా, దాంట్లో ఏం పెడదాం అని అడుగుతారు. ఏమీ పెట్టొద్దు. ప్రొజెక్టర్ మొరాయిస్తుంది, ఒకరు ఒక వాక్యం మర్చిపోయి మళ్లీ వెనక్కి వస్తారు, వాటికి ఆ నిమిషంన్నర.

టైమ్ ఉన్నప్పుడు పాతదాంట్లో కోత ఎందుకు సార్ అని ఎవరో అంటున్నారు. టైమ్ కోసం కాదమ్మా, బుర్ర కోసం. రెండు రోజుల్లో కొత్త సరుకు ఎత్తుకునేవాళ్లకు పాతది కొంచెం దించాలి, లేకపోతే నెల రోజులుగా బాగా వచ్చిన పాత భాగం కూడా పాడవుతుంది. నేను చూసినంతలో జనం తడబడేది కొత్త ముక్కలో తక్కువే, అది అయిపోయాక, "హమ్మయ్య" అనుకున్నాక, పాత ముక్కలోకి తిరిగొచ్చేటప్పుడే ఎక్కువ.

ఇక ఆ హాస్పిటల్‌లో ఉన్నవాడు. వాడికి ఫోన్ చేయడానికి మొహమాటపడతారు. జ్వరంలో ఉన్నవాణ్ని విసిగించొద్దు, నిజమే, కానీ ఇంట్లోవాళ్లను అడిగి ఒక్కసారి, పది పదిహేను నిమిషాలు, వాడు ఒప్పుకుంటే రికార్డ్ చేసుకుంటూ మాట్లాడండి. మళ్లీ మళ్లీ ముగ్గురూ విడివిడిగా చేయొద్దు. "నీ స్పీచ్ మొత్తం చెప్పు" అని కూడా అడగొద్దు. అడగాల్సినవి వేరు. ఈ అంకె ఎక్కడి నుంచి తెచ్చావు? స్లైడ్ మీద రాయకుండా నోటితో చెబుదామనుకున్నదేంటి? ఏ ప్రశ్న అడుగుతారని భయపడ్డావు? మూడో ప్రశ్నకు వాడు చెప్పే జవాబు బంగారం. ఎవరూ అడగకముందే ఆ విషయంతో కుస్తీ పట్టింది వాడొక్కడే.

అదే రాత్రి మీ గైడ్ సార్‌కో మేడమ్‌కో కూడా చెప్పేయండి. శుక్రవారం పొద్దున చెబుదాంలే అనుకోవద్దు. మార్కులు ఒక్కొక్కరికి విడిగా వేస్తారా, గ్రూప్‌కు వేస్తారా, మనిషి తగ్గితే టైమ్ కూడా తగ్గిస్తారా, ఇవి తెలియకుండా మీరు వేసిన లెక్కంతా గాల్లో ఉంటుంది. 16 కాస్తా 12 అన్నారనుకోండి, అప్పుడు పద్ధతి మొత్తం ఒక్క నిమిషానికి కుదించి ఎవరి 4 నిమిషాలు వాళ్లు కాస్త కాస్త తగ్గించుకోవడమే, పైన చెప్పిన పంపకం కుదరదు. రానివాడి పేరు మొదటి స్లైడ్ మీద ఉంచాలా తీసేయాలా అంటే, ఉంచండి. పని చేశాడు కదా.

గురువారం సంగతి. పొద్దున ఎవరి ముక్క వాళ్లు చూసుకోండి. మధ్యాహ్నం కలిసినప్పుడు మొత్తం స్పీచ్ చెప్పుకోవద్దు, ఒకరి నుంచి ఒకరికి మారే చోట్లు మాత్రమే చెప్పుకోండి. చివరి రెండు వాక్యాలు, మొదటి రెండు వాక్యాలు. ఇంతకుముందు మూడు చోట్ల మారేవారు, ఇప్పుడు రెండే చోట్ల. కానీ పాత మాట నోట్లోంచి ఊడిపడుతుంది. రెండో అబ్బాయి నెల రోజులుగా "దీనికి పరిష్కారం మా మిత్రుడు వివరిస్తాడు" అని ప్రాక్టీస్ చేశాడు, శుక్రవారం కూడా అలాగే అనేసి పక్కకు జరుగుతాడు, అక్కడ ఎవరూ ఉండరు. నవ్వుతున్నారు కానీ ఇది జరుగుతుంది. ఆ వాక్యాన్ని తీసేస్తే సరిపోదు, దాని చోట వేరే వాక్యం పెట్టాలి, "దీనికి ఒక పరిష్కారం బకెట్‌లో చేసి చూపించొచ్చు, అదేంటో నేనే చెబుతా" అని. ఖాళీ వదిలితే పాతదే వచ్చి కూర్చుంటుంది.

ఇంకొకటి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. తీసేసిన ముక్క మీద ఆధారపడ్డ మాటలు వేరేవాళ్ల భాగంలో ఉంటాయి. నాలుగో అమ్మాయి సరిగ్గా చివర్లో, "ఇందాక పట్టికలో చూసినట్టు ఖర్చు ఎక్కువ" అంటుంది. ఏ పట్టిక? అది ధన్యవాదాల తర్వాతకు పోయింది కదా. కాబట్టి స్లైడ్లు, నోట్సులు అన్నీ తెరిచి "ఇందాక", "పైన చూసినట్టు", "ముందు చెప్పినట్టు" అన్న మాటలు వెతకండి. ఒక్కోదాని దగ్గర ఆగి, ఆ ముందు చెప్పింది ఇంకా ఉందా అని చూడండి. విషయ సూచిక స్లైడ్ కూడా. అందులో నాలుగు అంశాలు, ముగ్గురు మనుషులు ఉంటే జడ్జీలు వినడం మానేసి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

సాయంత్రం గడియారం పెట్టుకుని పూర్తిగా చెప్పుకోండి, నిలబడి, గట్టిగా. కొత్త ముక్కలు ఎంతసేపు పట్టాయో చూడండి. రెండో అబ్బాయికి 2 నిమిషాలు అనుకున్నది 3 అయితే కంగారు లేదు, కోయొచ్చు. అదే 50 సెకన్లలో అయిపోయిందంటే భయపడాలి. అంటే వాడు అర్థం చేసుకోలేదు, స్లైడ్ మీదున్న నాలుగు లైన్లు చదివి పరిగెత్తాడు. అప్పుడు ఇంకా చదువు అని తరమొద్దు, ఆ ముక్కనే చిన్నది చేయండి. సున్నం, పటిక వేస్తారు, తిప్పుతారు, గంట ఆగుతారు, తేట నీళ్లు తీస్తారు. అంతవరకు వాడు ధైర్యంగా చెబితే చాలు.

జనానికి ఏమని చెప్పాలి? మొదట్లోనే "మా సభ్యుడు రాలేకపోయాడు, తప్పులుంటే క్షమించండి" అని మొదలుపెట్టొద్దు, అలా అంటే అప్పటిదాకా కనబడని తప్పులు కూడా వెతుకుతారు. వాడి పని వచ్చే చోట రెండో అబ్బాయి ఒక్క వాక్యం అనాలి: "ఈ భాగం తయారుచేసింది మా గ్రూప్‌లోని ఇంకో సభ్యుడు, ఆరోగ్యం బాగాలేక రాలేదు, నేను చెబుతున్నా." అంతే, ముందుకు పోవాలి.

ప్రశ్నలు. అసలు పరీక్ష ఇక్కడే. మాట్లాడే భాగం పంచుకున్నట్టే ప్రశ్నలు కూడా ముందే పంచుకోవాలి. పద్ధతి మీద ఏ ప్రశ్న వచ్చినా మొదట రెండో అబ్బాయే నోరు తెరవాలి, మిగతా ఇద్దరు తర్వాత అందుకోవచ్చు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే ఆ భాగం ఎవరిదీ కాదని హాలంతటికీ అర్థమైపోతుంది. "లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్లకు పటిక ఎంత వేయాలి?" అని అడిగారనుకోండి. దాచిన పట్టిక తెరవాలి. తెరిచి, "నీటి క్షారత ఎంతో తెలిస్తేనే చెప్పగలం సార్, ఒక్కో క్షారతకు ఒక్కో మోతాదు ఈ వరుసలో ఉంది" అనాలి. అది తప్పించుకోవడం కాదు, సరైన జవాబే అది. క్షారత అడక్కుండా అంకె చెప్పినవాడే తెలియనివాడు. ఇంకా లోతుకు పోతే, "ఆ లెక్క మా మిత్రుడు చేశాడు, కనుక్కుని మీకు పంపిస్తాం" అనండి, పంపించండి.

ఆ చివర చేయి ఎత్తారు, చెప్పమ్మా. వాడు చేసేది ప్రయోగమైతే? అంటే బకెట్ తెచ్చి స్టేజీ మీదే చేసి చూపించాలనుకుంటే. ఎవరైనా గురువారం వాడి సామాన్లతో స్వయంగా చేసి, నీళ్లు తేటపడడం కళ్లారా చూస్తే చేయండి. లేకపోతే వద్దు, ఫొటోలు చూపించండి. పటిక ఎక్కువ తక్కువ అయితే నీళ్లు మసకగా అలాగే ఉండిపోతాయి, పైగా పేరుకోవడానికి గంట కావాలి, మీ దగ్గరున్నవి 16 నిమిషాలు. ముందే కలిపిన రెండో బకెట్ తేవాలని వాడికి తెలుసు, మీకు ఎవరు చెబుతారు?

ఇంకో ప్రశ్న. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వాడే దిగితే? "జ్వరం తగ్గింది, వచ్చేశా" అని. మంచి ప్రశ్న, ఇలా కూడా అవుతుంది. సంతోషమే, కానీ పాత పంపకానికి వెనక్కి వెళ్లొద్దు. ముగ్గురి నోళ్లలో కొత్త వరుస కూర్చుంది, స్లైడ్లు మారాయి, మారే చోట్లు మారాయి, ఇప్పుడు రెండు గంటల్లో మళ్లీ తిప్పితే నలుగురూ పాడవుతారు. మార్కులు విడివిడిగా అయితే గైడ్‌ను అడిగి, ఇబ్బందుల ముక్క ఒక్కటి వాడికి తిరిగి ఇవ్వండి, అది నిమిషమే, వాడికి కంఠతా వచ్చు, నాలుగో అమ్మాయికి ముందు అతుక్కుంటుంది. తన మొదటి వాక్యం మాత్రం ఆమె మళ్లీ చూసుకోవాలి. మిగతాదానికి వాణ్ని ముందు వరుసలో కుర్చీలో కూర్చోబెట్టండి, నిలబడే ఓపిక ఎలాగూ ఉండదు, పటిక ప్రశ్న వచ్చినప్పుడు మైక్ వాడికివ్వండి.